ఇంటర్వ్యూ అయ్యాక పంపిన మెయిల్

అందరికీ నమస్కారం. నాకు ఇచ్చిన అంశం “రిటైరయ్యాక కన్సల్టెంట్‌గా చేరడం” అని కార్డులో వేశారు. అంత పెద్ద విషయం నా వల్ల కాదు. రెండేళ్ళ కిందట, 59 ఏళ్ళ వయసులో, నేను ఒక ఇంటర్వ్యూకి వెళ్ళి వచ్చి, ఆ మర్నాడు ఒక మెయిల్ పంపాను. దాని గురించి మాత్రమే చెప్తాను.

ముందు నేనెవరో రెండు ముక్కలు. ముప్పై ఏళ్ళ పైగా ఫ్యాక్టరీల అకౌంట్స్‌లో, అదీ అమ్మకపు పన్ను వైపు పనిచేశాను. నేను చేరిన రోజుల్లో సేల్స్ టాక్స్. 2005 ఏప్రిల్‌లో వ్యాట్ వచ్చింది. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చింది. వేరే రాష్ట్రానికి అమ్మితే పన్ను తక్కువ పడటానికి కొన్నవాళ్ళు ఇవ్వాల్సిన సి ఫారాల కోసం పార్టీల చుట్టూ తిరిగి, వాళ్ళు ఇచ్చిన ఫారం మీద సంతకం లేదని మళ్ళీ వెళ్ళిన వాళ్ళు ఈ హాల్లో చాలామందే ఉంటారు. నవ్వుతున్నారు కాబట్టి ఉన్నారనే అనుకుంటా.

ఇక్కడే హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి సంస్థ. జీఎస్‌టీ టీమ్‌కి కన్సల్టెంట్ కావాలన్నారు. లోపల ముగ్గురు కూర్చున్నారు. పన్ను ప్రశ్నలన్నీ బాగానే చెప్పాను. చివర్లో ఆ టీమ్ మేనేజర్, ముప్పై మూడు ముప్పై నాలుగేళ్ళ అమ్మాయి, చాలా మర్యాదగా అడిగింది: “సర్, మా టీమ్‌లో అందరూ ముప్పై లోపు వాళ్ళే. పనంతా ఎక్సెల్‌లో, పవర్ క్వెరీలో నడుస్తుంది. రివ్యూ నేనే చేస్తాను. మీకు అడ్జస్ట్ కావడం కష్టం కాదా?”

నేనేమన్నానో తెలుసా? “అమ్మా, నేను మూడు పన్ను చట్టాలు చూసినవాణ్ణి, నాకిదేం లెక్క” అన్నాను. అనేశాక నాకే తెలిసిపోయింది. ఆమె ఒక నవ్వు నవ్వి పెన్ను మూత పెట్టింది.

ఇంటికొచ్చి టీ తాగుతూ ఆలోచిస్తే అర్థమైంది. ఆమె అడిగింది నా అనుభవం గురించి కాదు. ఆమె భయాలు వేరు. తను తప్పు దిద్దితే ఈ పెద్దాయన వింటాడా, మొహం మాడ్చుకుంటాడా? ఫైలు తనే చేసి ఇస్తాడా, కాగితం మీద రాసి “చేసి పెట్టు బాబూ” అని కుర్రాళ్ళ మీద పడేస్తాడా? “మూడు చట్టాలు చూశాను” అనే జవాబు ఈ రెండు భయాలనీ తగ్గించలేదు, పెంచింది. పైగా ‘అమ్మా’ అన్నాను. ఇంట్లో అది ప్రేమ. అక్కడ, నాకు రివ్యూ చేయబోయే మనిషితో, అది పెద్దరికం చూపించడమే.

ఆ రాత్రే మెయిల్ రాయడానికి కూర్చున్నాను. మొదటి చిత్తు రెండు పేజీలు వచ్చింది. నా సర్వీసంతా ఉంది. “వయసు ఒక అంకె మాత్రమే” అని ఉంది. “కొత్త విషయాలు త్వరగా నేర్చుకుంటాను” అని ఉంది. డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి ఫోన్లో చదివి వినిపించాను. “నాన్నా, ఈ వాక్యాలు పాతికేళ్ళ కుర్రాడి మెయిల్లో పెట్టినా అతుకుతాయి. ఆవిడ అడిగినదానికి జవాబు ఎక్కడుంది?” అంది. అమెరికాలో 40 దాటినవాళ్ళని ఉద్యోగాల్లో వయసు చూసి పక్కన పెట్టకూడదని 1967 నుంచి చట్టం ఉందట, అక్కడ అలాంటి ప్రశ్న సూటిగా అడగడానికి జంకుతారట. నాకైతే సూటిగా అడగడమే మేలనిపించింది. అడిగారు కాబట్టి కదా జవాబు చెప్పే వీలు దొరికింది.

సరే, జవాబు ఏమిటి? నేర్చుకుంటానని చెప్తే చాలదు, చేసింది చూపించాలి. ఇంటర్వ్యూలో వాళ్ళు ఒక నమూనా ఎక్సెల్ ఫైలు ఇచ్చి, దాన్నెలా సరిచూస్తారో నోటితో చెప్పమన్నారు. అసలు క్లయింట్లది కాదు, ఉత్తుత్తి డేటా. ఇంటికి తీసుకెళ్ళవచ్చా అని అడిగితే, తీసుకెళ్ళండి అన్నారు. ఆ ఫైలు మీదే కూర్చున్నాను.

పన్ను పని తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. మనం కొన్న సరుకు మీద కట్టిన జీఎస్‌టీని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటాం. అదే ఇన్‌పుట్ క్రెడిట్. 2022 జనవరి నుంచి దీనికి గట్టి షరతు వచ్చింది. అమ్మినవాడు తన రిటర్నులో మన బిల్లు చూపించి, అది జీఎస్‌టీ పోర్టల్ మనకి తయారుచేసి ఇచ్చే జీఎస్‌టీఆర్-2బీ పట్టికలో కనబడితేనే ఆ క్రెడిట్ మనది. 2బీ ప్రతి నెలా 14న తయారవుతుంది. అప్పుడు మన కొనుగోలు రిజిస్టరునీ 2బీనీ బిల్లు బిల్లుకీ పోల్చాలి. ఒకప్పుడు స్కేలు పెట్టుకుని ఎర్ర పెన్నుతో టిక్కులు కొట్టిన పనే ఇది.

ఆ ఫైల్లో మూడు నెలలవి రిజిస్టరులో 240 బిల్లులు, 2బీలో 226. ఉన్నవి ఉన్నట్టు పోలిస్తే 131 మాత్రమే కలిశాయి. కారణం మీకందరికీ తెలుసు. అమ్మినవాడు “INV/0045/24-25” అని వేస్తాడు, మన గుమాస్తా “45” అని కొడతాడు. మనిషి కంటికి రెండూ ఒకటే, ఎక్సెల్‌కి కాదు. కాబట్టి, ఎక్సెల్‌లోనే డేటాని తెచ్చి శుభ్రం చేసే పవర్ క్వెరీలో అక్షరాలు, గీతలు, ముందున్న సున్నాలు, సంవత్సరం తీసేసి, మిగిలిన అంకెకి అమ్మినవాడి జీఎస్‌టీ నంబరు జోడించి పోల్చాను. పవర్ క్వెరీ నాకు అప్పటికి నాలుగు నెలల పరిచయం. మా మేనల్లుడు ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పాడు, మధ్యలో చాలాసార్లు విసుక్కున్నాడు కూడా. 214 కలిశాయి. సంబరపడ్డాను.

పడుకోబోయే ముందు పాత అలవాటు కొద్దీ కలిసిన బిల్లుల పన్ను మొత్తాలు రెండు వైపులా కూడి చూశాను. ₹18,000 తేడా. వరుసలన్నీ కలిసినప్పుడు మొత్తం ఎందుకు కలవదు?

గంట వెతికితే దొరికింది. ఒక పార్టీ బిల్లు నంబరు 45 మన రిజిస్టరులో 2024 జూన్‌ది, సరుకు లక్ష, పన్ను ₹18,000. 2బీలో అదే పార్టీ బిల్లు 45 ఉంది, కానీ అది 2024 మార్చిది, సరుకు రెండు లక్షలు, పన్ను ₹36,000. వాడు ఆలస్యంగా చూపించాడు. బిల్లు నంబరు ఒక ఆర్థిక సంవత్సరంలో రెండోసారి రాకూడదనేదే రూలు. ఏప్రిల్‌లో మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టవచ్చు. నేను శుభ్రం చేస్తున్నాననుకుని ఆ సంవత్సరాన్నే చెరిపేశాను. దాంతో వేరువేరు బిల్లులు రెండు ఒకటైపోయాయి. అలా వదిలేస్తే, 2బీలో ఇంకా రాని జూన్ బిల్లుకి క్రెడిట్ తీసేసుకున్నట్టే. బిల్లు తేదీ నుంచి ఆర్థిక సంవత్సరం తీసి దాన్నీ జోడించాను. 213కి తగ్గింది. తేడా పోయింది.

అప్పుడు తట్టింది, మెయిల్‌లో పెట్టాల్సింది ఇదే అని. చేసిన పని, అందులో నేను చేసిన తప్పు, అది నాకెలా తెలిసిందీ, ఎలా దిద్దానో. పాత బుద్ధి, కొత్త పరికరం రెండూ అందులోనే ఉన్నాయి. నేను విడిగా చెప్పుకోనక్కర్లేదు.

మెయిల్ ఇంగ్లిష్‌లోనే రాశాను. తెలుగులో దాదాపు ఇలా ఉంటుంది.

“మేడమ్, నిన్న సమయం ఇచ్చినందుకు థాంక్స్. టీమ్‌తో, టూల్స్‌తో అడ్జస్ట్ కావడం గురించి మీరు అడిగినదానికి నేను సరైన జవాబు ఇవ్వలేదు. మీరిచ్చిన నమూనా ఫైలుని రాత్రి పవర్ క్వెరీలో పోల్చాను, జతచేస్తున్నాను. మొదటిసారి 214 బిల్లులు కలిశాయి, వాటిలో ఒకటి తప్పు. ఎందుకు తప్పిందో, ఎలా దిద్దానో రెండో షీటులో అయిదు వరుసల్లో రాశాను. కలవని బిల్లులు రిజిస్టరు వైపు 27, 2బీ వైపు 13. మీ టీమ్ దీన్ని ఇంకోలా చేస్తుంటే ఆ పద్ధతే నేర్చుకుని చేస్తాను. నా ఫైళ్ళు ఎవరు రివ్యూ చేసినా నాకు సమ్మతమే, గత రెండేళ్ళు నా పై అధికారి నాకన్నా పద్దెనిమిదేళ్ళు చిన్న. కావాలంటే ఆయనతో మాట్లాడండి, ఒప్పుకున్నారు, నంబరు కింద ఇచ్చాను. అనుమానం ఉంటే మొదట మూడు నెలలకే, వారానికి రెండు రోజులకే ఒప్పందం రాసుకుందాం. నచ్చకపోతే ఎవరైనా పదిహేను రోజుల నోటీసుతో ఆపేయవచ్చు.”

అంతే. వయసు అనే మాటే లేదు. ఆమె అడ్జస్ట్ అంది, నేనూ అడ్జస్ట్ అనే రాశాను. ఆ పై అధికారికి మెయిల్ పంపే ముందే ఫోన్ చేసి అడిగాను. అడక్కుండా పేరు ఇస్తే, వాళ్ళు ఫోన్ చేసినప్పుడు ఆయన తడబడితే మొత్తం పోతుంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ఇలా పని చేసి పంపడం అన్నిచోట్లా కుదరదు. నాది రెండు మూడు గంటల పని, వాళ్ళిచ్చిన ఉత్తుత్తి డేటా. అసలు క్లయింటు ఫైలిచ్చి “చూసి పంపండి” అంటే అది కన్సల్టింగే, దానికి ఫీజు అడగాలి. మీ పాత కంపెనీ ఫైలు తీసి నమూనాగా చూపించడం మరీ తప్పు. పాతవాళ్ళ లెక్కలు తమకి చూపిస్తే, రేపు తమవి ఇంకెవరికి చూపిస్తాడో అనుకుంటారు.

మెయిల్ పొద్దున పదింటికి పంపాను. రాత్రి పదకొండింటికే తయారైంది కానీ, ఆ వేళ పంపితే ఆత్రంగా ఉంటుందనిపించింది. తర్వాత ఎనిమిది రోజులు ఉలుకూ పలుకూ లేదు. టెన్షన్ పడలేదంటే అబద్ధం. మా ఆవిడ ఫోన్ లాక్కుని బీరువాలో పెడతానంది. తొమ్మిదో రోజు ఒక్క రెండు లైన్లు పంపాను, ఫలానా తారీఖు వరకూ నేను ఖాళీ, నిర్ణయం ఏదైనా తెలియజేయండి అని. దానికీ జవాబు రాకపోతే ఇక రాయకూడదని ముందే అనుకున్నాను.

మర్నాడు ఫోన్ వచ్చింది. మూడు నెలలు, వారానికి రెండు రోజులు. నేనడిగిన ఫీజుకన్నా కాస్త తక్కువ. ఒప్పుకున్నాను.

మొదటి రోజు మేనేజర్ గారు నా ఫైలు తెరిచి పెట్టుకునే కూర్చున్నారు. “సర్, మీరు 2బీ ఫైల్లోంచి బిల్లులుండే B2B షీటు ఒక్కటే తెచ్చారు. క్రెడిట్ నోట్లు B2B-CDNR షీటులో విడిగా ఉంటాయి కదా, వాటిని తగ్గించలేదు” అన్నారు. నిజమే, సరుకు వెనక్కి ఇచ్చినప్పుడో ధర తగ్గించినప్పుడో అమ్మినవాడు ఇచ్చే ఆ నోట్ల షీటు వైపు చూడనే లేదు. నా కుర్చీ ఆవిడ పక్కకి జరుపుకుని, దాన్ని క్వెరీలోకి ఎలా తేవాలో చూపించమన్నాను.