రోహిణిలో రాని వాన మృగశిరలో ఎందుకు వస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయని మన పెద్దలు చెబుతారు. మే నెల చివర హైదరాబాదులో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీల దాకా వెళుతుంది. జూలై నాటికి అది సుమారు 31 డిగ్రీలకు దిగుతుంది. అయినా వానలు ఎండ మండే మే నెలలో కాక, నేల చల్లబడిన జూలై, ఆగస్టులలోనే దండిగా కురుస్తాయి. ఋతుపవనాల గురించి మనం బడిలో చదువుకున్న కారణం ఎక్కడ చాలదో ఈ ఒక్క విషయం తెలియజేస్తుంది.

వేసవిలో నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది గనుక నేల మీది గాలి తేలికై పైకి లేస్తుందనీ, ఆ చోటికి సముద్రపు గాలి వస్తుందనీ, చలికాలంలో ఇదంతా తారుమారవుతుందనీ 1686లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు ఎడ్మండ్ హేలీ వివరించాడు. ఈ మాటలో నిజం ఉంది కానీ, అది సగమే. నేల వేడే సర్వస్వమైతే, అన్నిటికన్నా ఎక్కువ వానలు థార్ ఎడారిలో కురవాలి. అక్కడ వేసవిలో నేల మండిపోతుంది, పీడనం బాగా పడిపోతుంది, అయినా వాన అరుదు. ఎందుకంటే ఎండిన నేల నుంచి లేచిన వేడిగాలి కొద్ది కిలోమీటర్ల ఎత్తులోనే ఆగిపోతుంది. దాని పైన గాలి కిందికి దిగుతూ మేఘాలను ఎదగనివ్వదు. కరువు సంవత్సరాలలో నేల మామూలు కన్నా ఎక్కువ వేడిగా ఉండి కూడా ఋతుపవనం బలహీనంగా ఉండటం ఇందుకు మరొక రుజువు.

మనకు వానలు తెచ్చే గాలి ప్రయాణం చాలా దూరంలో, భూమధ్యరేఖకు దక్షిణాన మొదలవుతుంది. మన వేసవి అక్కడి వారికి చలికాలం. అప్పుడు దక్షిణ హిందూ మహాసముద్రంలో మస్కరీన్ దీవుల దగ్గర ఏర్పడే అధిక పీడనం నుంచి గాలులు వాయవ్యంగా బయలుదేరి, ఆఫ్రికా తూర్పు తీరం పక్కగా భూమధ్యరేఖను దాటుతాయి. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో గాలి తన దారికి కుడివైపు వంగుతుంది గనుక, ఆగ్నేయం నుంచి వచ్చిన ఆ గాలే రేఖ దాటాక నైరుతి గాలిగా మారి అరేబియా సముద్రం మీదుగా మన వైపు తిరుగుతుంది. సోమాలియా తీరం దగ్గర, సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున, ఈ గాలి చాలా వేగంగా వీస్తుంది. దారి పొడవునా వెచ్చని సముద్రం నుంచి నీటి ఆవిరిని నింపుకుంటుంది.

ఈ గాలిని అంత దూరం నుంచి లాగే బలం నేల దగ్గర మాత్రమే కాదు, ఆకాశంలో ఎత్తున కూడా ఉంది. సాధారణంగా భూమధ్యరేఖ నుంచి ఉత్తరానికి పోయే కొద్దీ పై గాలి చల్లబడుతుంది. జూన్ నాటికి దక్షిణాసియా మీద ఈ క్రమం తలకిందులవుతుంది: సగటున 4,500 మీటర్ల ఎత్తున్న టిబెట్ పీఠభూమి మీద, దాని చుట్టుపక్కల, పై పొరల గాలి మహాసముద్రం మీది గాలి కన్నా వెచ్చనవుతుంది. ఇందులో పీఠభూమి వేడి ఎంత, ఉత్తరపు చల్లని పొడిగాలిని హిమాలయాలు అడ్డుకోవడం ఎంత అన్నది శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా చర్చలోనే ఉంది. ఈ మార్పు వల్ల దక్షిణ భారతం మీద సుమారు 15 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు ఒక ప్రచండ వాయుధార నడుస్తుంది. దాన్ని గురించి 1950లలో విస్తృతంగా పరిశోధించి, ప్రపంచ శాస్త్రజ్ఞుల దృష్టికి తెచ్చినవారు భారత వాతావరణ శాఖకు చెందిన మన తెలుగువారు పంచేటి కోటేశ్వరం. ఇది మనం గర్వంగా చెప్పుకోదగిన విషయమని నా అభిప్రాయం.

ఒకసారి వాన మొదలయ్యాక, వానే గాలిని నడిపిస్తుంది. ఒక కిలో నీటి ఆవిరి మేఘంలో నీరుగా మారినప్పుడు సుమారు 25 లక్షల జౌళ్ళ వేడి విడుదలై పై గాలిని వెచ్చబరుస్తుంది. ఆ గాలి ఇంకా పైకి లేస్తుంది, కింద మరింత తేమగాలి చేరుతుంది. మే నెల ఎండకు లేనిదీ, జూలై మబ్బుకు ఉన్నదీ ఈ లోతైన వేడే. అందుకే కేరళలో ఋతుపవన ఆగమనాన్ని ప్రకటించేటప్పుడు వాతావరణ శాఖ వానను మాత్రమే లెక్కించదు. పడమటి గాలి సుమారు 4 కిలోమీటర్ల ఎత్తు వరకు నిలదొక్కుకుందా అని కూడా చూస్తుంది.

హైదరాబాదు సంగతి కొంత భిన్నమైనది. అరేబియా సముద్రపు గాలి పడమటి కనుమలను ఎక్కుతూ చాలావరకు అక్కడే కురుస్తుంది. మహాబలేశ్వరంలో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లకు పైగా పడితే, మన నగరంలో 800 చిల్లర మాత్రమే. కనుమల ఇవతల ఉన్న మనకు భారీ వర్షాలు ఎక్కువగా బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనాల వల్ల వస్తాయి. అవి ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం దాటి పడమరకు కదిలినప్పుడు దక్కన్ మీదికి తేమగాలి లోతుగా చేరుతుంది. అలాంటి అల్పపీడనాలు వరుసగా రాకపోతే, నైరుతి గాలి ఎంత జోరుగా వీచినా నగరంలో తుంపరలే మిగులుతాయి.

సెప్టెంబరు తరువాత సూర్యుడు దక్షిణానికి జరగగానే ఆసియా పై గాలి చల్లబడుతుంది, ఎత్తున వీచే తూర్పు వాయుధార ఆగిపోతుంది, ఉత్తర ఆసియా మీద అధిక పీడనం పెరుగుతుంది. అప్పుడు నేల దగ్గర గాలి ఈశాన్యం నుంచి వీచడం మొదలవుతుంది. భూమి మీదుగా వచ్చే భాగం పొడిగా ఉంటుంది గనుక హైదరాబాదుకు అది సాధారణంగా వాన తీసుకురాదు. కానీ బంగాళాఖాతం దాటి వచ్చే భాగం అక్కడ తేమను అందుకుని నెల్లూరు, తమిళనాడు తీరాలకు చేరుతుంది. నెల్లూరుకు ఏడాది వర్షంలో ఎక్కువ భాగం అందించేది ఈ తిరుగు గాలే.