రాజీనామా ఇచ్చినవాళ్లు నిజం ఎప్పుడు చెప్తారు?

శ్రోతలందరికీ నమస్కారం. ఉద్యోగం మానేస్తున్న మనిషిని కూర్చోబెట్టి ఎందుకు మానేస్తున్నారండీ అని అడుగుతారు కదా, ఎగ్జిట్ ఇంటర్వ్యూ, ఈ రోజు దాని గురించి మాట్లాడుకుందాం. నేను చాలాకాలంగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను, ఐటీ కంపెనీ అయినా ఫ్యాక్టరీ అయినా హాస్పిటల్ అయినా ఆ ఫారమ్ తీసి చూస్తే కనపడేవి అవే మూడు నాలుగు మాటలు. మంచి అవకాశం వచ్చింది. ఇంట్లో ఇబ్బంది. పెళ్లి. పై చదువులు. అవి అబద్ధాలని నేననను, కానీ అందులోంచి మనం చెయ్యగలిగే పని ఒక్కటీ బయటికి రాదు.

ఎందుకలా రాస్తారంటే, చాలా చోట్ల ఆ ఫారమ్ ఇచ్చేది ఆఖరి రోజు. ఐడీ కార్డు తిరిగిచ్చి, నో డ్యూస్ మీద సంతకాలు పెట్టించుకుంటూ తిరుగుతున్న మనిషి చేతిలో పెడతారు. రిలీవింగ్ లెటర్ ఇంకా రాలేదు, ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బులు పడలేదు, రేపు కొత్త కంపెనీవాళ్లు వెరిఫికేషన్‌కి ఫోన్ చేస్తే ఎత్తేది ఈ ఆఫీసే. అలాంటప్పుడు మా మేనేజర్ వల్లే పోతున్నానని ఎవరు రాస్తారు చెప్పండి? నేనైతే రాయను. అందుకే మాట్లాడేది నోటీసు పీరియడ్ మధ్యలో మాట్లాడాలి, వాళ్ల పై అధికారి కాకుండా వేరే విభాగం మనిషి మాట్లాడాలి, ఇంకా మొదలుపెట్టే ముందే మీ లెటర్ సంతకం అయిపోయింది, ఇదిగో అని చూపించాలి. చెప్తే సరిపోదు, చూపించాలి.

ఇప్పుడు నాకు బాగా గుర్తున్న ఒక సంగతి చెప్తాను. ఒక ప్రైవేటు హాస్పిటల్, పేరొద్దు. ఐసీయూలో నర్సులు ఒకరి తర్వాత ఒకరు మానేస్తున్నారు. యాజమాన్యం లెక్క ఏంటంటే జీతం తక్కువ, అందుకే పోతున్నారు, పెంచలేం కాబట్టి చేసేదేమీ లేదు. అప్పుడు ఒక సిస్టర్ రాజీనామా ఇచ్చింది, ఫారమ్‌లో "పెళ్లి కుదిరింది" అని రాసింది. నిజంగానే కుదిరింది కూడా, పెళ్లికొడుకుదీ హాస్పిటల్ ఉన్న ఊరే!

నేను ఎందుకు మానేస్తున్నావమ్మా అని అడగలేదు. ఆ ప్రశ్నకి జవాబు అందరూ ఇంటి దగ్గరే తయారుచేసుకుని వస్తారు. "మానేద్దామని మొట్టమొదట ఎప్పుడనిపించిందమ్మా?" అని అడిగాను.

కాసేపు ఆలోచించి "దసరా ముందు మేడమ్" అంది.

"అప్పుడేమైంది?"

"నైట్ చేసి పొద్దున దిగాను మేడమ్, పడుకున్నాను, మధ్యాహ్నం లేచి చూస్తే వాట్సాప్ గ్రూపులో రోస్టర్ మార్చేశారు, మళ్లీ ఆ రాత్రికే నైట్ వేశారు. మర్నాడు పండక్కి ఊరెళ్లడానికి ఆఫ్ ఇచ్చారు, అదీ పోయింది. అమ్మకి ఫోన్ చేసి రానని చెప్పాను."

"ఎవరికైనా చెప్పావా?"

"ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పాను. నేనేం చెయ్యనమ్మా, మనుషుల్లేరు, ఇష్టమైతే చెయ్యి అన్నారు."

"తర్వాత?"

"మా ఫ్రెండ్ ఇంకో హాస్పిటల్లో చేస్తుంది, ఆ వారమే దానికి సర్టిఫికెట్లు పంపాను."

అక్కడ జీతం ఎంత ఎక్కువమ్మా అంటే వెయ్యి రూపాయలంది, అదీ బస్సు చార్జీలకే పోతుందట. "మరి ఎందుకు?" అంటే, "అక్కడ నెల రోస్టర్ ముందే గోడ మీద పెడతారు మేడమ్" అంది.

గమనించారా, జీతం అన్న మాట నేనడిగితే తప్ప రాలేదు. తేదీ అడిగితే సంఘటన వచ్చింది, ఆ వెనకే ఎవరికి చెప్పిందో, వాళ్లేం జవాబిచ్చారో వచ్చింది. నేను నోట్స్‌లో రాసుకునేవి ఈ నాలుగే, మొదట ఎప్పుడనిపించింది, ఆ రోజేమైంది, ఎవరికి చెప్పారు, ఏం జవాబొచ్చింది. అదీ వాళ్ల మాటల్లోనే రాస్తాను. "పని ఒత్తిడి" అని మన భాషలోకి మార్చి రాశామనుకోండి, రోస్టర్ అన్న మాటే మాయమైపోతుంది, ఇక దాన్ని ఎవరూ సరిచెయ్యలేరు.

అయితే ఒక్క మనిషి చెప్పింది పట్టుకుని పైకి వెళ్లకూడదు. అందుకే అదే ఐసీయూలోంచి అంతకుముందు వెళ్లిపోయినవాళ్లకి ఫోన్లు చేశాను. వెళ్లి కొన్ని నెలలైంది, లెటర్లు చేతిలో ఉన్నాయి, కొత్త చోట కుదురుకున్నారు, ఇక భయమెందుకు? వాళ్లని కూడా అదే ప్రశ్న అడిగితే చాలామంది కథ రోస్టర్ దగ్గరికే వచ్చింది. అప్పుడు డ్యూటీ రిజిస్టర్ తెప్పించి, 2 రోజుల ముందు కూడా చెప్పకుండా మార్చిన డ్యూటీలు వార్డు వారీగా లెక్కపెట్టించాం. మార్పులు ఎక్కువున్న వార్డులోనే రాజీనామాలూ ఎక్కువ. మాటా రిజిస్టరూ కలిసినప్పుడే అది యాజమాన్యం ముందు నిలబడుతుంది, లేకపోతే వెళ్లిపోయేవాళ్లు ఏదో ఒకటంటారులే అని తోసేస్తారు.

ఇన్‌ఛార్జి సిస్టర్‌ని మార్చేస్తే సరిపోతుంది కదా అన్నారు కొందరు. కానీ ఆమెదీ తప్పు కాదండీ. ఖాళీలు నింపకుండా వదిలేశారు, ఉన్నవాళ్లతోనే నెట్టుకొస్తోంది, దానివల్ల ఇంకొకరు పోతారు, ఇంకో ఖాళీ. అందుకని అడిగింది రెండే. రోస్టర్ 15 రోజుల ముందు పెట్టాలి, ఆ తర్వాత మార్చాలంటే ఆ నర్సు ఒప్పుకోవాలి, బదులుగా ఆఫ్ ఇవ్వాలి. రెండోది, ఎవరైనా సెలవు పెడితే ఆ చోట వెయ్యడానికి ఏ వార్డుకీ కేటాయించకుండా ఇద్దరు నర్సులుండాలి. ఇద్దరి జీతం దండగ అన్నారు మొదట. ఐసీయూలో కొత్త నర్సుని వెంటిలేటర్ పేషెంట్ దగ్గర ఒంటరిగా వదలాలంటే ఎన్ని నెలలు పక్కన ఒకరు నిలబడి నేర్పాలో నర్సింగ్ సూపరింటెండెంట్ గారే వాళ్లకి చెప్పారు, అప్పుడు ఒప్పుకున్నారు.

తర్వాత కూడా మానేసేవాళ్లు మానేశారు. గల్ఫ్‌కో జర్మనీకో వెళ్లేవాళ్లని రోస్టర్ ఆపదు, వాళ్లని వేరే లెక్కలో రాసుకోవాలి, ఆపగలిగేవాళ్లతో కలిపేస్తే మొత్తం లెక్క తప్పుతుంది. రోస్టర్ పేరు చెప్పి వెళ్లేవాళ్లు మాత్రం తగ్గారు.

ఇంకొక్క మాట. మీరు చెప్పింది ఎవరికీ తెలియనివ్వను అని ఎప్పుడూ మాటివ్వకండి. ఎవరైనా లైంగిక వేధింపుల సంగతి చెప్తే మనం నోరు మూసుకుని కూర్చోలేం, 2013 చట్టం ప్రకారం దానికి ఇంటర్నల్ కమిటీ ఉంది, ఆమెకి ఆ దారి చూపించి, ఫిర్యాదు రాయడానికి సాయం చెయ్యాలి. అందుకని నేను ముందే చెప్తాను, "మీ పేరు లేకుండా నలుగురైదుగురి మాటలతో కలిపే పైకి చెప్తాను, కానీ ఎవరికైనా హాని జరిగే విషయమైతే దాచలేను" అని. ఇంత సూటిగా చెప్తే జనం ముడుచుకుపోతారేమో అనిపిస్తుంది గానీ, నా అనుభవంలో ఇంకాస్త ఎక్కువే మాట్లాడతారు.

ఇప్పుడు ఆ హాస్పిటల్లో ఉద్యోగంలో ఉన్నవాళ్లని కూడా 6 నెలలకోసారి అడుగుతున్నారు, ఈ మధ్య ఎప్పుడైనా మానేద్దామనిపించిందా, ఆ రోజేమైంది, ఎవరికి చెప్పారు, ఏమన్నారు అని. ఆఖరి ప్రశ్నకి "వాళ్లింకా ఏమీ చెప్పలేదు" అని జవాబొస్తే, ఆ వారంలోపు నర్సింగ్ సూపరింటెండెంట్ గారే వెళ్లి ఆ నర్సుతో మాట్లాడాలని నియమం పెట్టుకున్నారు.

ఉంటానండీ, నమస్కారం.