శుక్రవారం సాయంత్రం నలభై నిమిషాలు

(పలాసలో చిన్న జీడి యూనిట్ల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పనులు వదులుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వెళ్తాను.

మీ జేబులోని చిన్న పుస్తకంలో ఏ పనులుంటాయో నేను చెప్పగలను. పిక్కల లారీ దించాలి, బాయిలర్ వాల్వు మార్చాలి, కూలి డబ్బులు తేవాలి, 11లోపు ఒక జీఎస్టీ రిటర్న్, 20లోపు ఇంకొకటి. వీటిలో ఏది మర్చిపోయినా ఎవరో ఒకరు ఫోన్ చేసి గుర్తుచేస్తారు. మూడు నెలల్లో సాధించాలనుకున్న పనికి మాత్రం ఫోన్ చేసేవాళ్లు ఉండరు. వారానికోసారి, శుక్రవారం సాయంత్రం నలభై నిమిషాలు ఆ పుస్తకం ముందు కూర్చోమని నేను చెప్పేది ఆ పని కోసమే.

ఒక చిన్న యూనిట్‌ను తీసుకుందాం. జూలై నుంచి సెప్టెంబర్ దాకా 13 వారాలు. యజమాని రెండే లక్ష్యాలు రాసుకున్నాడు. ఒకటి, సెప్టెంబర్ 30 లోపు విశాఖలో ఆరు స్వీటు షాపులకు మధ్యవర్తి లేకుండా సరుకు ఇవ్వడం. రెండు, వంద కిలోల పప్పులో ఇప్పుడు పాతిక కిలోలు వస్తున్న బద్ద, ముక్కను పద్దెనిమిదికి తగ్గించడం. 'వ్యాపారం పెంచాలి' అని రాసి ఉంటే వారం చివర చూసుకోవడానికి ఏమీ ఉండేది కాదు. దేన్నైనా దాని కిందికి తోసేయొచ్చు.

ముందు గడువు నుంచి వెనక్కి లెక్కేయాలి. షాపులవాళ్లు దసరా, దీపావళి సరుకు ముందే మాట్లాడుకుంటారు. అంటే సెప్టెంబర్ మధ్యకల్లా రేటు తేలాలి. దానికి ఆగస్టులోనే శాంపిల్ వాళ్ల చేతిలో ఉండాలి. అంటే జూలైలో షాపుల జాబితా, ప్యాకింగ్ అయిపోవాలి. పైగా జూలై, ఆగస్టుల్లో ఉభాలు. ఆడకూలీలు పొలాలకు పోతారు, పప్పు తీసే చేతులు తగ్గుతాయి. ఆ వారాల్లో ఎక్కువ పని పెట్టుకోవడం మనల్ని మనం మోసం చేసుకోవడమే.

ఇప్పుడు శుక్రవారం సాయంత్రం ఏం చేయాలో చూద్దాం. శనివారం వద్దంటాను. కూలి చెల్లింపుల రోజున మీ గది ఖాళీగా ఉండదు. పుస్తకం తెరిచి గడిచిన వారం చేసిన పనుల పక్కన గుర్తు పెట్టండి. షాపుల పనైతే 'షా', బద్ద పనైతే 'బ', రెండూ కాకపోతే 'న', అంటే నడక పని. నడక పని తప్పేం కాదు, యూనిట్ నడిచేది దానితోనే. కానీ జీఎస్టీ రిటర్న్‌ను కూడా ఏదో ఒక లక్ష్యం కిందికి లాగేస్తే ఈ పద్ధతి అక్కడితో చచ్చిపోతుంది.

మన యజమానికి ఆరో వారంలో 22 పనులు. 'న' 20, 'బ' రెండు, 'షా' సున్నా. ముందు వారం కూడా సున్నాయే. వరసగా రెండు సున్నాలు కనబడితే బద్ధకం అనుకోకండి, ముందు ఆ పని ఎలా రాశారో చూడండి. అతను రాసింది 'విశాఖ షాపులు చూడాలి' అని. అది ఒక రోజంతా పట్టే ప్రయాణం, ఉభాల సమయంలో అంత తీరిక ఎక్కడిది? దాన్ని విడగొట్టాడు: మంగళవారం ఉదయం 11కి రెండు షాపులకు ఫోన్, బుధవారం అరకిలో శాంపిల్ రెండు ప్యాకెట్లు పార్సిల్. విశాఖ వెళ్లడం తర్వాతి వారానికి పెట్టుకున్నాడు.

బద్ద పనిలో అతనికి సులువు ఉంది. ప్రతి బ్యాచ్‌కీ గుండు, బద్ద విడిగా తూచి రాస్తే చాలు, శుక్రవారానికి అంకె తయారు. అంకె పెరిగితే కారణం వెతకాలి. పిక్కలు సైజుల వారీగా వేరుచేయకుండా కోశారా? ఆవిరి సరిగా పట్టలేదా? పప్పు మరీ ఎండి పెళుసెక్కిందా? ఒక్కో వారం ఒక్కటే మార్చి చూడండి. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మూడో వారం కూడా సున్నా వస్తే అప్పుడు నిర్ణయం తీసుకోవాలి. ఆ పని కొడుక్కో గుమస్తాకో అప్పగించాలి, లేదా ఆరు షాపుల్ని మూడు చేయాలి, లేదా ఈ మూడు నెలలకు కొట్టేయాలి. కొట్టేయడం నాకేమీ తప్పుగా కనిపించదు. చేయని లక్ష్యాన్ని వారం వారం చూస్తూ టెన్షన్ పడటం కన్నా అదే మేలు.

లెక్కంతా పావుగంటలో అయిపోతుంది. మిగతా పాతిక నిమిషాలూ వచ్చే వారానికి. ఒక్కో లక్ష్యానికి ఒకటో రెండో పనులు, వాటికి రోజు, గంట కూడా రాయండి. నడక పనులు తర్వాత రాసుకోవచ్చు, వాటికి చోటు అదే దొరుకుతుంది. పెళ్లి వల్లో కరెంటు పోయో ఒక శుక్రవారం తప్పితే ఆదివారం చేయండి. అదీ కుదరకపోతే ఆ వారం వదిలేసి వచ్చే శుక్రవారం ఆ ఒక్క వారానిదే చూసుకోండి. రెండు వారాలది కలిపి రాయబోతే గంటన్నర పడుతుంది, ఆ తర్వాత పుస్తకం ముట్టుకోబుద్ధి కాదు.

ఇప్పుడు మీ పుస్తకాలు తీయండి. ఈ వారం పనుల పక్కన ఇక్కడే గుర్తులు పెడదాం.