పెండింగ్ స్క్రీన్ మీద నోరు విప్పే ముందు

అందరికీ నమస్కారం. మనకున్నది గంట. చూడాల్సింది ఒకే ఒక్క స్క్రీన్. బస్ టికెట్‌కి యూపీఐలో డబ్బు కట్టాక బ్యాంకు నుంచి అవుననీ కాదనీ ఏ జవాబూ రానప్పుడు కనిపించే పెండింగ్ స్క్రీన్ అది. ఒక్క స్క్రీన్‌కి గంట ఎందుకని కొందరు అప్పుడే ముఖాలు చూసుకుంటున్నారు. చెప్తాను.

ముందు ఏది తేలిపోయిందో, ఏది తేలలేదో చెప్పుకుందాం. రంగులు, ఐకాన్లు, బటన్ ఆకారం మన డిజైన్ సిస్టమ్‌లోవి. వాటి మీద ఇవాళ చర్చ లేదు. స్క్రీన్ మీద మాటలు, ఏది ముందు కనపడాలి, ఏ బటన్ ఉండాలి, ఏది ఉండకూడదు, ఇవే ఇవాళ్టి విషయం. ఇది చెప్పకుండా మొదలుపెట్టిన రివ్యూలు చాలావరకు ఐకాన్ దగ్గరే ఆగిపోతాయి. ఐకాన్ మీద అందరికీ ఒక అభిప్రాయం ఉంటుంది మరి.

మొదటి ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. ప్రొజెక్టర్ ఆపేస్తున్నాను. ఎవరి ఫోన్లో వాళ్లు తెరిచి చూడండి. గోడంత వెడల్పు తెర మీద ప్రతి అక్షరమూ బాగానే కనిపిస్తుంది. మన ప్రయాణికుడు చూసేది అరచేతిలో, ఎండలో, బస్టాండ్‌లో నిలబడి. మీకు తోచినవి చీటీల మీద రాసుకోండి, ఒక చీటీకి ఒకే విషయం. రాయడం అయ్యాకే మాటలు. గదిలో మొదట గట్టిగా మాట్లాడిన మనిషి వైపే మిగతావాళ్ల ఆలోచన ఒరిగిపోతుంది. ఆ మనిషి సీనియర్ అయితే ఇక చెప్పనక్కర్లేదు, కొత్తగా చేరినవాళ్లు రాసుకున్న చీటీ మడిచి జేబులో పెట్టేసుకుంటారు. అందుకని ఇవాళ కొత్తవాళ్లు ముందు, నేను చివర.

ఇక చీటీలో ఏం రాయాలి. ఈ స్క్రీన్‌తోనే చూద్దాం. పైన నారింజ రంగు గుండ్రం. కింద ‘లావాదేవీ ప్రాసెస్‌లో ఉంది’ అని పెద్దక్షరాలు. దాని కింద బూడిదరంగులో రెండు చిన్న లైన్లు, తర్వాత రిఫరెన్స్ నంబర్. అట్టడుగున ‘మళ్లీ ప్రయత్నించండి’ అన్న బటన్, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. పై మూలలో సీటు ఎంతసేపు పట్టి ఉంచుతామో చూపించే టైమర్ వెనక్కి లెక్కపెడుతూ ఉంటుంది.

దీన్ని చూసి ‘కింద బటన్ బాలేదు’ అని రాయొచ్చు. తప్పేమీ కాదు, కానీ ఆ చీటీతో డిజైనర్ చేయగలిగింది ఏమీ లేదు. అదే విషయాన్ని ఇలా రాయండి: ‘సంక్రాంతికి రాజమండ్రి టికెట్ కొంటున్న మనిషికి, ఖాతాలో డబ్బు తగ్గిందని బ్యాంకు మెసేజ్ వచ్చింది. ఇక్కడ టికెట్ లేదు, టైమర్ తగ్గుతోంది, కళ్లకు ఆనేది ఒక్క బటనే. సీటు పోతుందన్న భయంతో నొక్కేస్తాడు. రెండోసారి డబ్బు కడతాడు.’ ఎవరు, ఏ క్షణంలో, ఏం చూసి, ఏం చేస్తారు. ఇవి ఉన్న చీటీని చదివి ఎవరూ నొచ్చుకోరు, ఎందుకంటే అందులో డిజైనర్ లేరు, ప్రయాణికుడే ఉన్నాడు. నా దృష్టిలో మర్యాద అంటే అది. నాలుగు తీపి మాటల మధ్య ఒక చేదు మాట దాచి చెప్పే పద్ధతి ఒకటుంది. నాకది నచ్చదు. వినేవాళ్లు తీపి మాటలు నమ్మరు, చేదు మాట ఎక్కడుందా అని వెతుక్కుంటారు.

పరిష్కారం వెంటనే చెప్పేయకండి. ‘ఆ బటన్ తీసేయండి’ అనేముందు ‘అది అక్కడికి ఎలా వచ్చింది?’ అని అడగండి, నిజంగా తెలుసుకోవడానికే అడగండి. ఈ స్క్రీన్ సంగతి నాకు తెలుసు కాబట్టి చెప్తున్నాను. చెల్లింపు విఫలమైనప్పుడు చూపించే స్క్రీన్, ఇదీ ఒకే కాంపొనెంట్. విఫలమైతే మళ్లీ ప్రయత్నించమనడం సబబే. పెండింగ్ అంటే అది కాదు, డబ్బు వెళ్లిందో లేదో మనకే తెలియదు. ఊరికే ‘తీసేయండి’ అంటే రెండుచోట్లా పోతుంది. అడిగితేనే రెండింటినీ విడదీయాలన్న విషయం బయటపడుతుంది. ఆ విడదీయడం ఎలాగన్నది డిజైనర్ పని. ఈ గదిలో పదిమందిమి కలిసి బటన్ గీయబోవడం లేదు.

కొన్ని వాదనలకు గొంతు అక్కర్లేదు, కొలిస్తే చాలు. ఆ బూడిదరంగు లైన్లు `#999999`, తెల్లటి నేపథ్యం మీద. దాని కాంట్రాస్ట్ సుమారు 2.85:1. స్క్రీన్ అందరూ చదవగలిగేలా ఉండాలని పెట్టిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకు అడిగేది కనీసం 4.5:1. `#767676` దాకా ముదురు చేస్తే ఆ గీత దాటుతుంది. నాకు కనిపిస్తోంది, నీకు కనిపించడం లేదు అని పది నిమిషాలు తగువు పడటం కన్నా ఇది నయం. రంగుల మీద చర్చ లేదన్నారుగా అంటారేమో. రంగు నచ్చడం వేరు, చదవలేకపోవడం వేరు. రెండోది ఎప్పుడైనా చెప్పొచ్చు. ఫోన్లో అక్షరాల సైజు పెంచి కూడా చూడండి. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయిన లైన్ ఎత్తులో మన వత్తులు కింది లైన్ గుడిదీర్ఘాలకు తగులుతుంటాయి.

లేనిదాని గురించీ చెప్పండి. ఈ స్క్రీన్ మీద డబ్బు తిరిగి ఎప్పుడొస్తుందన్న మాటే లేదు. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, యూపీఐలో వ్యాపారికి కట్టిన డబ్బు ఖాతాలో తగ్గి, వ్యాపారికి ధ్రువీకరణ అందకపోతే, లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లోగా దానంతటదే వెనక్కి రావాలి. ఆ తర్వాత ఆలస్యమైన ప్రతి రోజుకీ 100 రూపాయల పరిహారం. ఈ వాక్యం ఒక్కటి కనపడితే మన ప్రయాణికుడు కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. కస్టమర్ కేర్ నుంచి వచ్చిన మిత్రులకు ఇలాంటివి మనకన్నా ఎక్కువ తెలుసు, వాళ్లను పిలిచిందే అందుకు.

బాగున్నదాన్నీ ఇంత వివరంగానే రాయండి. రిఫరెన్స్ నంబర్ పక్కన కాపీ గుర్తు పెట్టారు. పన్నెండంకెలు ఫోన్లో చదివి వినిపించే బాధ తప్పింది. ఇది రాయకపోతే, వచ్చే వెర్షన్‌లో చోటు చాలక మొట్టమొదట ఎగిరిపోయేది అదే.

ప్రతి చీటీ మూలన ఒక గుర్తు పెట్టండి. మనిషి డబ్బో సీటో పోయేదైతే ఎర్ర చుక్క. ఇబ్బందే కానీ పని జరిగిపోతుందంటే పసుపు. మీ అభిరుచి మాత్రమే అయితే ‘నా టేస్ట్’ అని నిజాయితీగా రాసేయండి. పసుపువి, టేస్టువి తీసుకోవాలా వద్దా అన్నది పూర్తిగా డిజైనర్ ఇష్టం, నేను కూడా అడ్డు రాను. ఎర్ర చుక్క ఉన్నది మాత్రం సరిచేయకుండా బయటికి వెళ్లదు. అలాగని నచ్చని ప్రతిదానికీ ఎర్ర చుక్క పెడితే, దాని కింద ఏం పోతుందో రాయమంటాను.

స్క్రీన్ చేసినవారికి ఒక్క మాట. మీరు దేనికీ సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. అర్థం కాకపోతే అడగండి, అర్థమైతే ‘సరే’ అనండి చాలు. ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు. నోట్స్ మీరు రాసుకోవద్దు, రాస్తూ వినలేరు. ఆ పని మీ పక్కన కూర్చున్నవారిది. సాయంత్రంలోగా ఆ నోట్స్ అందరికీ వస్తాయి, ఏది తీసుకున్నారో, ఏది ఎందుకు వదిలేశారో మీరు రెండ్రోజుల్లో వాటి పక్కనే రాస్తే సరిపోతుంది.

లింక్ గ్రూపులో పెట్టాను. తెరవగానే చెల్లింపు పెండింగ్‌లో పడినట్టు సెట్ చేసి ఉంది, ఇంకేమీ నొక్కక్కర్లేదు. చీటీలు బల్ల మీద ఉన్నాయి. ఐదు నిమిషాలు, ఇప్పట్నుంచి.