అమ్మవారి పండక్కి ఒక మెసేజ్

శ్రోతలకు నమస్కారం. ఆశ్వయుజ శుద్ధ పాడ్యమి దగ్గర పడింది. ఆఫీసులో తోటి ఆడవాళ్లకి నవరాత్రి శుభాకాంక్షలు ఎలా రాస్తే బాగుంటుందో, మా విశాఖలో జరిగిన ఒక్క సంగతితో చెబుతాను.

నిరుడు మా సెక్షన్ గ్రూపులో ముందురోజు రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. “రేపు అందరూ పసుపు చీరల్లో రండి, ఉపవాసం ఉన్నవాళ్లకి పండ్లు పెడుతున్నాం, పదింటికి గ్రూప్ ఫోటో” అని. రాసినావిడది మంచి మనసే. కానీ గాజువాక నుంచి వచ్చే ఒక అమ్మాయి, ఫోటో టైముకి చేతిలో ఫైలు పట్టుకుని స్టోర్ రూమ్‌లోకి వెళ్లిపోయింది. ఆ ఏడాదే వాళ్ల నాన్నగారు పోయారు, ఏటి సూతకం, ఇంట్లో పండగ లేదు. ఆ మాట పదిమందిలో చెప్పుకోలేక అలా వెళ్లింది. షుగర్ ఉన్న ఇంకో అక్కని “నువ్వు ఉపవాసం లేవా?” అని మధ్యాహ్నంలోపే ముగ్గురు అడిగారు. చర్చికి వెళ్లే మా స్నేహితురాలు మాత్రం సరదాగా పసుపు చీరే కట్టుకొచ్చింది, కాబట్టి ఎవరికి ఏది ఇష్టమో మనం ముందే అనుకోవడానికి లేదు.

ఇంతకీ నవరాత్రుల్లో రోజుకో రంగు కట్టుకోవాలనే పట్టిక ఏటా మారుతుంది, పాడ్యమి ఏ వారం వస్తే దాన్నిబట్టి మొదటి రంగు. మా అమ్మకి ఆ పట్టిక తెలియదు, మూలా నక్షత్రం రోజు మా పుస్తకాలు సరస్వతీదేవి ముందు పెట్టడం తెలుసు. ఉపవాసమూ అంతే, ఒకరు పండ్లతో ఉంటారు, ఒకరు రాత్రి ఒక్కపూట తింటారు, ఇంకొకరు ఉల్లి వెల్లుల్లి మానేస్తారు.

ఈసారి రాసే పని నాకిచ్చారు. మొదట “ఉపవాసం లేకపోయినా పర్వాలేదు, ఏ రంగైనా సరే” అని రాశాను. చదువుకుంటే అదీ వేలు పెట్టి చూపించినట్టే ఉంది, పర్వాలేదు అన్నామంటే ఏదో లోటున్నట్టే కదా. ఆ వాక్యం కొట్టేశాను. అమ్మవారి పేరు మాత్రం తీయలేదు, ఎందుకంటే ఆవిడ లేకుండా రాస్తే అది నవరాత్రి పలకరింపే కాదు, పైగా దీవెన ఎవరికీ బరువు కాదు, బరువయ్యేది మనం అప్పజెప్పే పనే. చివరికి ఇలా తేలింది:

“మన సెక్షన్ ఆడవాళ్లందరికీ దేవీ నవరాత్రుల శుభాకాంక్షలు. అమ్మవారి చల్లని చూపు మీ మీద, మీ ఇంటి మీద ఉండాలి. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి క్యాంటీన్‌లో పులిహోర, చక్కెర పొంగలి, పండ్లు ఉంటాయి. వీలు చూసుకుని రండి.”

పాడ్యమి పొద్దున ఒక్కసారే పంపుతాను. ఒకే రంగు చీరలు కట్టుకోవాలనుకునే నలుగురూ విడిగా మాట్లాడుకున్నారు. పసుపు, ఆకుపచ్చ ఇప్పటికే ఇస్త్రీకి ఇచ్చేశారట!