కాస్పియన్ ఒడ్డున ఉన్నా సముద్రం లేని దేశాలు

అందరికీ నమస్కారం.

ప్రపంచ పటంలో కజకిస్తాన్‌ను ఒకసారి గుర్తు చేసుకోండి. పడమటి వైపు దాని సరిహద్దు నీలం రంగును తాకుతుంది. ఆ నీలం మీద ‘కాస్పియన్ సముద్రం’ అని రాసి ఉంటుంది. అక్కడ అక్తావ్ అనే రేవు ఉంది, చమురు ఓడలు తిరుగుతాయి, ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనిపించదు. అయినా సముద్రతీరం లేని దేశాల జాబితాలో కజకిస్తాన్ ఉంటుంది. విస్తీర్ణంలో ఆ జాబితాలో అన్నిటికన్నా పెద్దది కూడా అదే. పుస్తకాల్లో ఇలాంటివాటిని భూపరివేష్టిత దేశాలు అంటారు. ఎందుకిలా లెక్క వేస్తారన్నదే ఈ రోజు నా ప్రసంగం.

1982 నాటి ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందంలో 124వ అధికరణం దీన్ని ఒక్క మాటలో తేల్చేస్తుంది: సముద్రతీరం లేని దేశం భూపరివేష్టిత దేశం. వినడానికి తేలికే. చిక్కంతా ‘సముద్రం’ అనే మాటలో ఉంది. పేరును బట్టి తేల్చలేం. అరల్ సముద్రం, మృత సముద్రం రెండూ నిజానికి సరస్సులే. జోర్డాన్‌ను తీరదేశం అంటున్నామంటే మృత సముద్రం వల్ల కాదు, దక్షిణాన అకాబా దగ్గర ఎర్ర సముద్రానికి తగిలే 26 కిలోమీటర్ల తీరం వల్ల. ఉప్పదనాన్ని బట్టీ తేల్చలేం. నల్ల సముద్రం నీళ్లు కూడా మహాసముద్రం నీళ్లంత ఉప్పగా ఉండవు.

అసలు చూడాల్సింది ఇది: ఆ నీటికి మహాసముద్రంతో సహజమైన దారి ఉందా? నల్ల సముద్రానికి ఉంది. ఇస్తాంబుల్ మధ్యగా సాగే బోస్ఫరస్ జలసంధి గుండా ఓడ మధ్యధరా సముద్రం వైపు వెళ్లిపోతుంది. దారి సన్నగా ఉండవచ్చు, కానీ అది ప్రకృతి ఇచ్చిన దారి. అందుకే జార్జియా, రొమేనియా తీరదేశాలు. కాస్పియన్‌కు అలాంటి దారి లేదు. దాని నీటిమట్టం మహాసముద్ర మట్టానికి దాదాపు 28 మీటర్ల కిందే ఉంది. ఓల్గా లాంటి నదులు అందులోకి వచ్చి చేరతాయి, అందులోంచి ఏ నదీ బయటికి పోదు.

మరి ఓల్గాను నల్ల సముద్రం వైపు పారే డాన్ నదితో కలిపే ఓల్గా-డాన్ కాలువ ఉంది కదా అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. 1952లో తెరిచిన ఆ కాలువ పొడవు 101 కిలోమీటర్లు. 13 లాకుల గుండా ఓడలను మెట్టు మెట్టుగా పైకెక్కించి మళ్లీ కిందికి దించుతారు. ఆ దారిలో కాస్పియన్ ఓడ నల్ల సముద్రం చేరగలదు. కానీ లాకుల్లో పట్టేది సుమారు 5 వేల టన్నుల ఓడే. చలికాలంలో మంచు కడితే దారి మూసేస్తారు. అన్నిటికీ మించి ఆ కాలువ మొత్తం రష్యా నేలమీద ఉంది, రష్యా ఒప్పుకుంటేనే దాటాలి. ఇంకొకరి అనుమతితో దాటే దారిని తీరం అనలేం. నదుల సంగతీ ఇంతే. మాల్డోవాకు డాన్యూబ్ నది ఒడ్డున కొన్ని వందల మీటర్ల చిన్న ముక్క ఉంది, అక్కడి జుర్జులెష్తి రేవుకు సముద్రంలో తిరిగే ఓడలు కూడా వస్తాయి. అయినా లెక్కలో అది భూపరివేష్టిత దేశమే.

వాటికన్‌తో కలిపి ఇలాంటి దేశాలు 44: ఆఫ్రికాలో 16, యూరప్‌లో 14, ఆసియాలో 12, దక్షిణ అమెరికాలో బొలీవియా, పరాగ్వే. కాస్పియన్‌ను సముద్రమే అనుకుంటే కజకిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్, అజర్‌బైజాన్ మూడూ ఒక్కసారిగా తీరదేశాలైపోయి లెక్క 41కి దిగుతుంది. మార్పు అక్కడితో ఆగదు, ఉజ్బెకిస్తాన్ స్థితి కూడా మారిపోతుంది. దాని చుట్టూ కజకిస్తాన్, కిర్గిజ్‌స్తాన్, తజికిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్, తుర్క్‌మెనిస్తాన్ ఉన్నాయి. ఇప్పటి లెక్కలో ఐదింటికీ సముద్రం లేదు. అంటే ఉజ్బెకిస్తాన్ సరుకు ఏ దారిన వెళ్లినా కనీసం రెండు పరాయి దేశాలు దాటాలి. ఇలా రెండు పొరల మధ్య చిక్కిన దేశాలు లోకంలో రెండే, ఇది ఒకటి, లీక్టెన్‌స్టైన్ ఇంకొకటి. లీక్టెన్‌స్టైన్ మొదటి నుంచీ ఇలా లేదు. మొదటి ప్రపంచ యుద్ధం దాకా పక్కనున్న ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యానికి ఏడ్రియాటిక్ తీరం ఉండేది. సామ్రాజ్యం ముక్కలై ఆస్ట్రియా తీరం కోల్పోయాక దీనికి రెండో పొర వచ్చిపడింది. తన సరిహద్దు కదలకుండానే ఒక దేశం వర్గం మారింది.

కాస్పియన్‌ను సరస్సుగా లెక్కించడం న్యాయమేనా అన్న సందేహం నాకూ ఉండేది. సరుకు ప్రయాణాన్ని అడుగడుగునా చూశాక తీరింది. తాష్కెంట్ నుంచి ఒక కంటైనర్ బయలుదేరిందనుకోండి. దక్షిణ దారిలో అయితే తుర్క్‌మెనిస్తాన్ దాటి సరఖ్స్ దగ్గర ఇరాన్‌లోకి వెళుతుంది. అక్కడ పట్టాల వెడల్పు మారుతుంది, 1,520 మిల్లీమీటర్ల నుంచి 1,435కి. వ్యాగన్ చక్రాలైనా మార్చాలి, సరుకైనా వేరే బండిలోకి మార్చాలి. ఆ తర్వాతే బందర్ అబ్బాస్ రేవు. పడమటి దారిలో అయితే తుర్క్‌మెన్‌బాషీలో ఫెర్రీ ఎక్కి, కాస్పియన్ దాటి, బాకు దగ్గరి అలాత్‌లో దిగుతుంది. గాలి జోరు ఎక్కువైతే ఫెర్రీ కదలదు, రేవులోనే ఎదురుచూపు. సరే, దాటింది. దిగిన చోటు ఏది? అజర్‌బైజాన్, అదీ తీరం లేని దేశమే. అక్కడ మళ్లీ రైలెక్కి జార్జియాలోని పోతి చేరాకే ప్రపంచ ఓడలు అందుకునే నీళ్లు కనిపిస్తాయి. కాస్పియన్ దాటడం వల్ల సరుకు ఎక్కించి దించే పని పెరిగిందే తప్ప మహాసముద్రం దక్కలేదు.

ఈ దేశాలకు చట్టం అసలేమీ ఇవ్వలేదని కాదు. 125వ అధికరణం సముద్రానికి వెళ్లి వచ్చే హక్కునూ, పొరుగు నేలమీదుగా సరుకు రవాణా స్వేచ్ఛనూ ఇచ్చింది. 127వది ఆ సరుకు మీద కస్టమ్స్ సుంకాలు వేయకూడదంటుంది, చేసిన సేవకు మాత్రం రుసుము తీసుకోవచ్చు. అయితే ఏ దారి, ఏ షరతులు అన్నది ఆయా దేశాలు మాట్లాడుకుని ఒప్పందం చేసుకోవాలి. ఆలస్యాలు ఎక్కువగా పుట్టేది అక్కడే.

ఒక దేశం లోపలి ప్రాంతాలకూ ఇదే పరీక్ష. కెనడాలో ఆల్బర్టా, సస్కచివాన్‌లకు తీరం లేదు, పక్కనే ఉన్న మానిటోబాకు ఉంది. ఎందుకంటే దాని ఉత్తరాన హడ్సన్ అఖాతం ఉంది, దానికి మహాసముద్రంతో సహజమైన దారి ఉంది. కాకపోతే ఆల్బర్టా సరుకు తీరం చేరడానికి మధ్యలో కస్టమ్స్ గేటు ఉండదు. అందుకే రాష్ట్రానికి తీరం లేకపోవడం ఒక దేశానికి లేకపోవడమంత భారం కాదు.

మళ్లీ కాస్పియన్ దగ్గరికి వస్తాను. 2018 ఆగస్టులో దాని చుట్టూ ఉన్న ఐదు దేశాలు అక్తావ్‌లో ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాన్ని సముద్రమనీ అనలేదు, సరస్సనీ అనలేదు, ‘జలభాగం’ అని రాసుకున్నాయి. ఒక్కో దేశానికి 15 నాటికల్ మైళ్ల ప్రాదేశిక జలాలు, ఆపైన 10 మైళ్ల చేపల వేట ప్రాంతం ఇచ్చుకున్నాయి. అడుగున ఉన్న చమురు, గ్యాస్ పంపకాన్ని మాత్రం పొరుగు దేశాల మధ్య విడి ఒప్పందాలకు వదిలేశాయి. ఆ ఒప్పందం వచ్చాక కూడా కజకిస్తాన్ పేరు భూపరివేష్టిత దేశాల జాబితాలోంచి పోలేదు. ఈలోగా 1990ల మధ్య నుంచి కాస్పియన్ నీటిమట్టం సుమారు 2 మీటర్లు తగ్గింది. అక్తావ్ రేవులో లోతు కోసం అడుగు తవ్వాల్సి వస్తోంది. నిండా సరుకుతో వెళ్లాల్సిన ఓడలు, అడుగు నేలకు తగలకుండా కొంత తగ్గించి ఎక్కించుకుని బయలుదేరుతున్నాయి.