200 పేజీలు, 35 నిమిషాలు

శ్రోతలకు నమస్కారం.

హైదరాబాద్‌లో ఏ యూనివర్సిటీకి వెళ్లినా డిపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద అప్పుడప్పుడు ఒక కాగితం కనిపిస్తుంది. ఫలానా రోజు, సెమినార్ హాల్లో, ఫలానా వారి పీహెచ్‌డీ వైవా, ఆసక్తి ఉన్నవారు రావచ్చు అని. వెళ్తే ముందు వరుసలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, గైడ్, శాఖాధ్యక్షులు ఉంటారు. వెనక వరుసల్లో జూనియర్లు, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు. అయిపోయాక సమోసా, టీ ఎలాగూ ఉంటాయి. వాటికి ముందు జరిగే ప్రజెంటేషన్ గురించే ఈ పూట మాట్లాడతాను.

చాలామంది థీసిస్ ఫైలు తెరిచి, మొదటి పేజీ నుంచి హెడింగులు కాపీ చేసుకుంటూ పోతారు. 80, 90 స్లైడ్లు తయారవుతాయి. సగం టైమ్ గడిచినా పూర్వ పరిశోధనల దగ్గరే ఉంటారు. అప్పుడు ఎగ్జామినర్ కాస్త ముందుకు వంగి, ‘అది సరే బాబూ, మీరేం చేశారో చెప్పండి’ అంటారు. అక్కడ మొదలవుతుంది అసలు టెన్షన్.

పేజీలను బట్టి టైమ్ పంచడం వల్ల వచ్చే చిక్కు ఇది. ఒక థీసిస్‌ను ఊహించుకుని చూద్దాం. విషయం: హైదరాబాద్ దాటాక మూసీ ఒడ్డున ఉన్న ఊళ్ల బావుల్లో నైట్రేట్. నగరం వదిలిన మురుగునీటితోనే అక్కడ వరి, పశుగ్రాసం పండిస్తారు. మొత్తం 200 పేజీలు, ఆరు అధ్యాయాలు. ఉపోద్ఘాతం 18 పేజీలు, పూర్వ పరిశోధనలు 52, ప్రాంతం, పద్ధతులు కలిపి 40. నాలుగో అధ్యాయంలో ఏ బావిలో ఎంత నైట్రేట్ ఉందో 38 పేజీల్లో, అయిదో అధ్యాయంలో అది ఎక్కడి నుంచి వచ్చిందో 42 పేజీల్లో ఉంది. ముగింపు 10 పేజీలు. మాట్లాడటానికి ఇచ్చింది 40 నిమిషాలు.

పేజీల లెక్కన పంచితే పూర్వ పరిశోధనలకు పది నిమిషాలు పైనే పోతుంది. నిజానికి ఆ 52 పేజీలు ఇతరులు చేసిన పని. అంత చదివామని థీసిస్‌లో చూపించాలి కాబట్టి రాశాం. ఎగ్జామినర్ దాన్ని చదివే రిపోర్టు పంపారు. మళ్లీ వినిపించాల్సిన పని లేదు.

అందుకని స్లైడ్లు మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఒక్కో అధ్యాయానికి ఒక్కో వాక్యం రాయండి: ఈ అధ్యాయం లేకపోతే నా ముగింపులో ఏది నిలబడదు? మన ఉదాహరణలో ముగింపు ఇది: నది పక్క బావుల్లో నైట్రేట్ ప్రధానంగా మురుగునీటిది, దూరంగా ఉన్న బావుల్లో ఎరువులది. దీన్ని మోసేది అయిదో అధ్యాయం. నాలుగోది దానికి ఆధారం. రెండో అధ్యాయం నుంచి కావలసింది ఒకే మాట, ఈ రెండు మూలాలను ఇక్కడ ఎవరూ విడదీసి చూడలేదని. దానికి రెండు స్లైడ్లు చాలు.

ఇప్పుడు టైమ్ పంచుదాం. 40లో 5 నిమిషాలు ముట్టుకోవద్దు. ప్రొజెక్టర్ మొరాయించినా, మధ్యలో ఎవరైనా ప్రశ్న అడిగినా అందులోంచే పోతుంది. మిగిలిన 35లో ఉపోద్ఘాతానికి 4, పూర్వ పరిశోధనలకు 3, పద్ధతులకు 6, నాలుగో అధ్యాయానికి 7, అయిదోదానికి 12, ముగింపుకు 3. అయిదో అధ్యాయానికి మూడో వంతు పైనే వచ్చింది. రావాలి కూడా, ఎందుకంటే వాదం జరిగేది అక్కడే.

పద్ధతులకు 6 నిమిషాలెందుకని మీకు అనిపించవచ్చు. చాలా థీసిస్‌లకు మూడే చాలు. కానీ ఎగ్జామినర్ తన రిపోర్టులో, వర్షాలకు ముందూ తర్వాతా రెండుసార్లే నీళ్లు తీసి పరీక్షిస్తే సరిపోతుందా అని అడిగారనుకోండి. ఆ ప్రశ్నకు జవాబు ప్రజెంటేషన్‌లోనే ఉండాలి. రిపోర్టులు చూడకుండా టైమ్ పంచుకోవడం, నా దృష్టిలో, ప్రశ్నపత్రం చేతిలో పెట్టుకుని చదవకపోవడమే. గైడ్‌ని అడిగి, వాటిలోని ప్రశ్నలు ఏ అధ్యాయం మీద ఉన్నాయో గుర్తుపెట్టుకుని, అక్కడికి ఒకట్రెండు నిమిషాలు జరపాలి.

ఇక నాలుగో అధ్యాయం. థీసిస్‌లో 32 బావులు, ఒక్కోదానికి పద్నాలుగు పరీక్షలు ఉన్న పెద్ద పట్టిక ఉంటుంది. దాన్ని అలాగే అతికిస్తే మూడో వరుసలో కూర్చున్నవారికి చీమల బారులా కనిపిస్తుంది. దాని బదులు ఒక మ్యాప్ గీయండి. తాగునీటిలో నైట్రేట్‌కు మన దేశ ప్రమాణం లీటరుకు 45 మిల్లీగ్రాములు. అది దాటిన బావి ఎర్ర చుక్క, దాటనిది నీలం చుక్క. మధ్యలో మూసీ గీత. ఎర్ర చుక్కలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూసేవాళ్లకే తెలిసిపోతుంది, మీరు ఊరికే చూపిస్తే చాలు. పట్టిక ‘ధన్యవాదాలు’ స్లైడ్ తర్వాత దాచిపెట్టండి, అడిగితే తీయొచ్చు.

అయిదో అధ్యాయంలో తొందరపడకూడదు. మురుగునీటిలో నైట్రేట్‌తో పాటు క్లోరైడ్ కూడా ఎక్కువ. అందుకని క్లోరైడ్ ఎక్కువగా ఉండి, దానితో పోలిస్తే నైట్రేట్ తక్కువ పాళ్లలో ఉన్న బావి మురుగు వైపు వేలు చూపిస్తుంది. క్లోరైడ్ తక్కువ, నైట్రేట్ ఎక్కువ అయితే ఎరువుల మీద అనుమానం. ఈ తర్కాన్ని ముందు ఖాళీ గ్రాఫ్ మీద చెప్పండి, తర్వాత స్లైడ్‌లో బావుల చుక్కలు పెట్టండి. రెండూ ఒకేసారి చూపిస్తే వినేవాళ్లు చుక్కలు చూస్తూ మీ మాట వదిలేస్తారు. ఆ వెంటనే పరిమితి కూడా మీరే చెప్పేయండి: నేలలో గాలి అందనిచోట సూక్ష్మజీవులు నైట్రేట్‌ను తినేస్తాయి, అప్పుడు ఎరువుల బావి కూడా మురుగు బావిలా కనిపించవచ్చు. పొటాష్ ఎరువుతో క్లోరైడ్ కూడా వస్తుంది, అదీ లెక్క తప్పిస్తుంది. ఇది ఎగ్జామినర్ ఎలాగూ అడిగేదే. మీ నోట ముందుగా వస్తే వాదన తీరు మారుతుంది.

రిహార్సల్‌లో మొత్తం టైమ్ ఒక్కటే చూసుకుంటే లాభం లేదు. ప్రతి అధ్యాయం చివర గడియారం చూసి స్లైడ్ మూలన నిమిషం రాసుకోండి. ఉపోద్ఘాతం 4 దగ్గర ముగియాల్సింది 7 దగ్గర ముగిస్తే, ఆ మూడు నిమిషాలూ చివరికి అయిదో అధ్యాయానికే ఎసరు పెడతాయి. సాధారణంగా ఎక్కువ టైమ్ తినేది మొదటి స్లైడ్లే. ఊరు, మండలం, వర్షపాతం, భూసారం అంటూ బాగా వచ్చిన మాటలు కాబట్టి తెలియకుండానే సాగిపోతాయి.

చివరగా ఒక గండం. వైవా మొదలవుతుండగా ఛైర్మన్ గారు, ‘సార్‌కి శంషాబాద్‌లో ఫ్లైట్ ఉంది, ఇరవై నిమిషాల్లో ముగించండి’ అంటారు. ఇది జరుగుతుందనే అనుకుని ముందే కోత గుర్తు పెట్టుకోవాలి. మన ఉదాహరణలో పూర్వ పరిశోధనలకు ఒక స్లైడ్, పద్ధతులకు మూడు నిమిషాలు, నాలుగో అధ్యాయానికి ఆ మ్యాప్ ఒక్కటే. అయిదోదాన్ని తొమ్మిది కన్నా తగ్గించవద్దు. ఉంచే స్లైడ్ల నంబర్లు చిన్న చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. పవర్‌పాయింట్‌లో స్లైడ్ షో నడుస్తుండగా నంబర్ కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా ఆ స్లైడ్‌కే వెళ్తుంది, మధ్యలోవన్నీ అందరి ముందూ గబగబా దాటించాల్సిన అవసరం ఉండదు.